పొగ బరువు పార్టికల్స్ లెక్కలో లేదు

ఈమధ్య ఒక మిత్రుడు టెక్ డెమో వీడియో పంపించాడు. 10 లక్షల నిప్పురవ్వలు సుడులు తిరుగుతూ పైకి లేస్తుంటాయి, ఫ్రేమ్ రేటు మాత్రం చెక్కుచెదరదు. వీడియో కింద అతని ప్రశ్న: "వీళ్లకి పది లక్షలు ఇంత హాయిగా నడుస్తుంటే, మా గేమ్‌లో మూడొందల పొగ పార్టికల్స్‌కే జీపీయూ ఎందుకు కూలబడుతోంది? సార్టింగ్ వల్లేనా?"

సార్టింగ్ వల్ల, అంటే పార్టికల్స్‌ని వెనక నుంచి ముందుకి వరసలో పెట్టే పని వల్ల కాదు. ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఈ అనుమానం చాలామందిలో చూశాను, దానివల్ల జరిగే తప్పు ఖర్చు కూడా చూశాను. జీపీయూ పార్టికల్స్ అనగానే మన మాటలన్నీ సిమ్యులేషన్ మీద, బఫర్ల మీద, సార్టింగ్ అల్గారిథమ్‌ల మీద నడుస్తాయి. పొగ విషయంలో అసలు డబ్బు పోయేది అక్కడ కాదు. తెర మీద అది కప్పే పిక్సెళ్ల దగ్గర. నా అభిప్రాయం ఇంకో అడుగు ముందుకు వెళ్తుంది: సార్టింగ్ తప్పించుకోవడానికి పల్చటి పొగ ముద్దల్ని గుట్టలుగా పోయడం కంటే, చిక్కటి ముద్దలు కొన్నే పెట్టి వాటిని శుభ్రంగా సార్ట్ చేయడమే చవక. దీని మీద నాకున్న సందేహాలు కూడా చెబుతాను.

## 20,000 రవ్వలు, ఒక్క పొగ ముద్ద

ఒక మంట తీసుకుందాం. తెర 1920×1080, కెమెరా నిలువు కోణం 60 డిగ్రీలు. మంటలోంచి 20,000 రవ్వలు ఎగురుతున్నాయి, పైన 300 పొగ ముద్దలు తేలుతున్నాయి. ఒక్కో ముద్ద 2 మీటర్ల చదరపు క్వాడ్ అనుకుందాం.

రవ్వ సన్నగా ఉంటుంది. 2 పిక్సెళ్ల వెడల్పు, 12 పిక్సెళ్ల పొడవు అనుకుంటే ఒక్కోటి 24 పిక్సెళ్లు. 20,000 రవ్వలకి 4,80,000. జీపీయూ పిక్సెళ్లని ఒక్కొక్కటిగా కాకుండా 2×2 గుంపులుగా షేడ్ చేస్తుంది కాబట్టి ఇంత సన్నటి ఆకారాల్లో చాలా పని వృథా అవుతుంది. అందుకని రెట్టింపు చేద్దాం, సుమారు 10 లక్షలు. మొత్తం తెర 20,73,600 పిక్సెళ్లు. అంటే 20,000 రవ్వలూ కలిసి అర తెర మేర పని.

ఇప్పుడు పొగ. 10 మీటర్ల దూరంలో 2 మీటర్ల క్వాడ్ తెర మీద సుమారు 187 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది, విస్తీర్ణం 35,000 పిక్సెళ్లు. 300 ముద్దలకి కోటీ ఐదు లక్షలు, అంటే 5 తెరల పని. ఇది భరించగలిగినదే. ఆటగాడు మంట దగ్గరికి నడిచాడు. దూరం 2 మీటర్లకి తగ్గింది. దూరం అయిదో వంతు అయితే విస్తీర్ణం 25 రెట్లు. ఇప్పుడు ఒక్కో ముద్ద 935 పిక్సెళ్ల ఎత్తు, 8,75,000 పిక్సెళ్లు. ఒక్క పొగ ముద్ద, మొత్తం 20,000 రవ్వలతో దాదాపు సరిసమానం.

300 ముద్దలూ అదే దూరంలో ఉంటే 126 తెరలు. నిజానికి అలా ఉండవు. కొన్ని కెమెరా వెనక్కి పోతాయి, కొన్ని అంచు దాటిపోతాయి. సగం తీసేద్దాం, 63 తెరలు. కలర్ బఫర్ ఒక్కో పిక్సెల్‌కి 8 బైట్లు పట్టే 16 బిట్ ఫ్లోట్ అయితే, బ్లెండింగ్‌కి ప్రతి పిక్సెల్ దగ్గర ఒకసారి చదవాలి, ఒకసారి రాయాలి. ఒక్క ఫ్రేమ్‌కి 2.1 గిగాబైట్లు, సెకనుకి 60 ఫ్రేమ్‌లైతే 126 గిగాబైట్లు. క్యాష్, కంప్రెషన్ కొంత ఆదుకుంటాయి గానీ, అంకె స్థాయి ఇది. ఇందులో టెక్స్చర్ చదవడం, లైటింగ్ ఇంకా కలపలేదు.

గోడలూ రాళ్లూ అయితే డెప్త్ టెస్ట్ వెనకున్నవాటిని ముందే కొట్టేస్తుంది. పొగకి ఆ అదృష్టం లేదు. పారదర్శకం కాబట్టి డెప్త్ రాయదు, రాయదు కాబట్టి ఒక ముద్ద ఇంకో ముద్దని దాచలేదు. ఎన్ని పొరలుంటే అన్నీ గీయాల్సిందే. నా మిత్రుడి 300కీ, వీడియోలోని 10 లక్షలకీ ఉన్న తేడా ఇదే.

## ఎలా తెలుస్తుంది

మా టీమ్‌లో ఒక కుర్రాడు ఒకసారి వచ్చి, "అన్నా, సిమ్యులేషన్ షేడర్ మొత్తం మళ్లీ రాశాను, రెండు రెట్లు వేగం పెరిగింది. ఫ్రేమ్ టైమ్‌లో మాత్రం ఏ మార్పూ లేదు" అన్నాడు. రాసిన షేడర్ నిజంగానే బాగుంది. కాకపోతే అది ఫ్రేమ్‌లో 0.1 మిల్లీసెకను కూడా తినని భాగం.

"ముద్దల సంఖ్య అలాగే ఉంచి, సైజు మాత్రం వందో వంతు చెయ్" అన్నాను. చేశాడు. పొగ మాయమైపోయింది, దానితోపాటే ఫ్రేమ్ టైమ్ కూడా కిందికి జారింది. సిమ్యులేషన్, సార్టింగ్, వర్టెక్స్ పని అన్నీ యథాతథంగా ఉన్నాయి, తగ్గింది పిక్సెళ్లు మాత్రమే. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలీదు. రెండో పరీక్ష, రెండర్ రిజల్యూషన్‌ని రెండు వైపులా సగం చేయడం. పొగ పాస్ సమయం దాదాపు నాలుగో వంతుకి పడిపోతే జబ్బు పిక్సెళ్లదే. మారకపోతే అప్పుడు సిమ్యులేషన్ వైపో సార్టింగ్ వైపో చూడాలి.

పొరలు కంటితో చూడాలంటే షేడర్ బదులు ఒక చిన్న స్థిరమైన రంగు ఇచ్చి అడిటివ్ బ్లెండింగ్‌తో గీస్తే సరి, పొరలు ఎక్కువైన చోట తెర తెల్లబడుతుంది. రెండర్‌డాక్‌లో `Quad Overdraw` ఓవర్లే ఇదే పని చేస్తుంది, పైగా 2×2 గుంపుల వృథా కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఒక జాగ్రత్త: ఈ పరీక్షలు కెమెరాని దూరంగా పెట్టి చేస్తే ఏమీ కనబడదు. పొగ మధ్యలో నిలబడి చేయాలి, ఎందుకంటే ఆటగాడు నిలబడేది అక్కడే.

## సార్టింగ్ ఎంత కావాలో లెక్క కట్టొచ్చు

సార్టింగ్ గురించి మనం "కావాలి", "అక్కర్లేదు" అని రెండు మాటల్లో తేల్చేస్తాం. దీనికి ఒక చిన్న లెక్క ఉంది. ఒకదాని వెనక ఒకటి రెండు ముద్దలున్నాయి. వాటి ఆల్ఫాలు `a1`, `a2`. రంగులు `c1`, `c2`. 1984లో పోర్టర్, డఫ్ రాసిన "ఓవర్" సూత్రంతో వాటిని ఒక వరసలో కలిపి, తర్వాత తిరగేసి కలిపి, రెండు ఫలితాల మధ్య తేడా తీస్తే మిగిలేది ఇంతే:

```
a1 * a2 * (c1 - c2)
```

వెనకాల ఉన్న దృశ్యం రెండింట్లోనూ ఒకేలా తగ్గుతుంది కాబట్టి లెక్కలోంచి తప్పుకుంటుంది. అంటే రంగులు ఒకటే అయితే వరసతో పనే లేదు. అందుకే ఒకే బూడిదరంగు పొగని ఏ వరసలో గీసినా కంటికి తేడా రాదు. ఆల్ఫా 0.1, రంగుల తేడా 0.2 అయితే ఫలితంలో తేడా 0.002. 8 బిట్ తెర మీద ఒక మెట్టులో సగం, ఎవరికీ కనబడదు. అదే ఒక పేలుడు తీసుకోండి. లోపల ఎర్రగా మండే ముద్దలు, బయట నల్లటి మసి. ఆల్ఫా 0.6, రంగుల తేడా 0.6. ఫలితం 0.216, అంటే 255లో 55 మెట్లు. రెండు ముద్దలు వరస తప్పితే ఆ చోట వెలుగు టపీమని మారిపోతుంది, చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు.

ఈ లెక్క చూసి కొందరు పల్చటి పొగ దారి పడతారు. ఆల్ఫా 0.1లో ఉంచితే సార్టింగ్ అక్కర్లేదు, పొగ కూడా మెత్తగా ఉంటుంది, సంఖ్య పెంచితే చిక్కదనం అదే వస్తుంది అని. వినడానికి సబబుగానే ఉంది. ఎంత పెంచాలో చూద్దాం. 0.1 ఆల్ఫాతో 40 పొరలు వేస్తే వెనక దృశ్యంలో 1.5 శాతం మిగులుతుంది. అదే చిక్కదనం 10 పొరల్లో రావాలంటే ఆల్ఫా సుమారు 0.34 ఉంటే చాలు. పొరలు నాలుగో వంతు, ఓవర్‌డ్రా, అంటే ఒకే పిక్సెల్‌ని మళ్లీ మళ్లీ గీసే పని, కూడా నాలుగో వంతు. కాకపోతే `a1 * a2` విలువ 0.01 నుంచి 0.12కి, అంటే 12 రెట్లు పెరిగింది. ఇప్పుడు వరస తప్పితే కనబడుతుంది, కాబట్టి సార్ట్ చేయాలి.

ఓవర్‌డ్రా, సార్టింగ్ రెండూ వేర్వేరు సమస్యలు కావు, ఒకదాని ఖర్చు ఇంకోదానిలోకి మార్చుకోవచ్చు. అందులో మారకం ధర చాలా ఒక వైపుకి ఒరిగి ఉంది. మన 300 ముద్దలు 75 అయ్యాయి. 75 అంకెల్ని సార్ట్ చేయడం జీపీయూకి ఒక పనేనా? ఒకే థ్రెడ్ గ్రూప్‌లో, షేర్డ్ మెమరీలో, ఒకే డిస్పాచ్‌తో అయిపోతుంది. కెన్ బాచర్ 1968లో ఇచ్చిన బైటోనిక్ సార్ట్‌కి 128 అంకెలకి 28 మెట్లు చాలు. దానికి బదులుగా మిగిలేది 63 తెరల నుంచి 16 తెరలకి దిగిన పిక్సెల్ పని.

## రవ్వలకి సార్టింగ్ వద్దు, పొగకి చక్కగా చేయాలి

రవ్వల సంగతి వేరు. అవి వెలుగే తప్ప వెనకున్నదాన్ని అడ్డుకోవు. అడిటివ్ బ్లెండింగ్ అంటే కూడికే, ఏ వరసలో కూడినా మొత్తం ఒకటే. అయినా పొగనీ రవ్వల్నీ ఒకే బఫర్లో పెట్టి మొత్తం సార్ట్ చేసే వ్యవస్థలు చాలా ఉన్నాయి. ప్రీమల్టిప్లైడ్ ఆల్ఫా వాడితే ఒకే డ్రా కాల్‌లో రెండూ గీయొచ్చు, ఆల్ఫా సున్నా పెడితే అడిటివ్ అయిపోతుంది. చూడ్డానికి ముచ్చటైన ఉపాయం. కానీ దానికోసం 20,000 రవ్వల్ని కూడా వరసలో పెట్టాలి. బైటోనిక్‌కి రెండు ఘాతం కావాలి కాబట్టి 32,768కి పెంచాలి, అంటే 120 మెట్లు. షేర్డ్ మెమరీ వాడి డిస్పాచ్‌లు తగ్గించుకోవచ్చు, ర్యాడిక్స్ సార్ట్‌కి మారితే ఇంకా తగ్గుతుంది. అసలు అవసరమే లేని పనిని వేగంగా చేయడం అది. నేను రెండింటినీ విడిగానే ఉంచుతాను.

ఇక పొగని సార్ట్ చేసేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది, కీ ఏది అన్నది. కెమెరా దిశలోని లోతుని కీగా పెడితే, కెమెరా ఉన్న చోటే తల తిప్పినా లోతులు మారి ముద్దలు వరస మార్చుకుంటాయి. ఆటగాడు చుట్టూ చూస్తుంటే పొగలో మెరుపులు వస్తాయి. కెమెరా నుంచి నేరు దూరాన్ని కీగా పెడితే తల తిప్పినప్పుడు వరస చెక్కుచెదరదు, కదిలినప్పుడే మారుతుంది. నేను దూరమే వాడతాను.

రెండోది ఇంకా మెలిక ఉన్నది. బతికున్న పార్టికల్స్ జాబితాని జీపీయూ మీద అటామిక్ కౌంటర్‌తో నింపుతాం కదా, అందులో ఎవరు ముందు చేరతారో ప్రతి ఫ్రేమ్‌కీ మారుతుంది. సీపీయూ మీద నడిపిన రోజుల్లో సార్ట్ చేయకపోయినా పుట్టిన వరస అలాగే ఉండేది, తప్పైనా నిలకడగా ఉండేది. జీపీయూలో సార్ట్ చేయకపోతే వరస ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ చిందరవందర అవుతుంది, పొగ సన్నగా మిణుకుమంటుంది. సార్ట్ చేసినా, రెండు ముద్దలకి ఒకే కీ వస్తే వాటి మధ్య ఇదే గొడవ. మందు చిన్నది:

```hlsl
uint d = (uint)(saturate(dist / maxDist) * 65535.0);
uint key = ((65535 - d) << 16) | particleIndex;
```

దూరం తలకిందులు చేసి పైన పెట్టాం, కాబట్టి చిన్న కీ నుంచి పెద్ద కీకి వెళ్తే వెనక నుంచి ముందుకి వస్తుంది. కింది 16 బిట్లలో పార్టికల్ సొంత నెంబరు ఉంది కాబట్టి రెండు కీలు ఎప్పటికీ సమానం కావు. ఆ నెంబరు పార్టికల్ బతికినంత కాలం మారనిది అయి ఉండాలి. బతికున్న జాబితాలో దాని స్థానం పెడితే రోగం అలాగే ఉంటుంది. 65,536 పార్టికల్స్ దాకా ఇది సరిపోతుంది, 75 ముద్దలకి ఢోకా లేదు.

## మెత్తదనం ఖర్చు ఎక్కడ పడుతుంది

పొగ క్వాడ్ నేలని కోసే చోట కత్తితో గీసినట్టు గీత వస్తుంది, దాన్ని పోగొట్టడానికి సాఫ్ట్ పార్టికల్స్ వాడతాం. డెప్త్ బఫర్ చదివి, వెనకున్న గోడకీ మన పిక్సెల్‌కీ మధ్య దూరం తక్కువైన కొద్దీ ఆల్ఫా తగ్గిస్తాం.

```hlsl
float fade = saturate((sceneZ - pixelZ) / fadeDist);
```

ఈ ఒక్క లైన్ అందరికీ తెలుసు. తప్పులు దాని చుట్టూ జరుగుతాయి. `sceneZ` మీటర్లలో ఉండాలి, డెప్త్ బఫర్‌లో ఉన్న ముడి అంకె కాదు. రివర్స్ డెప్త్, అనంతమైన ఫార్ ప్లేన్ వాడుతుంటే `near / d` అంటే సరిపోతుంది. ముడి అంకెతోనే నడిపిస్తే ఒక దూరంలో సర్దిన మెత్తదనం, కెమెరా వెనక్కి జరగగానే పట్టీ వెడల్పు మారిపోయి ఇంకోలా కనబడుతుంది. అలా కనబడిందంటే చూడాల్సిన మొదటి చోటు ఇదే. `fadeDist` విషయంలో నా లెక్క, ముద్ద వ్యాసార్థంలో సగం దగ్గర మొదలుపెట్టడం. మరీ తక్కువైతే గీత మళ్లీ తేలుతుంది, మరీ ఎక్కువైతే నేల మీద పాకే పొగ అంతా నేలకి దగ్గరగానే ఉంటుంది కాబట్టి మొత్తం మాయమైపోతుంది.

రవ్వలకి మాత్రం దీన్ని పెట్టకూడదు. నేల మీద పడి ఎగిరే రవ్వ, నేలని తాకిన క్షణంలో దూరం సున్నా అవుతుంది, ఆల్ఫా కూడా సున్నా అవుతుంది. ఏ క్షణంలో అది మెరవాలో సరిగ్గా ఆ క్షణంలో ఆరిపోతుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది కెమెరా దగ్గరి వైపు గురించి. ముద్ద కెమెరాలోంచి దూసుకుపోతున్నప్పుడు ఒక్కసారిగా మాయమవకుండా, దగ్గరికొచ్చే కొద్దీ పల్చబరుస్తాం. చాలాచోట్ల ఈ పని కూడా పిక్సెల్ షేడర్లోనే చేస్తారు. కంటికి బాగానే ఉంటుంది, కానీ ఒక్క పిక్సెల్ పని కూడా ఆదా కాదు. ఆల్ఫా సున్నా అయిన ముద్ద కూడా తెరంతా షేడ్ అవుతూనే ఉంటుంది. మన 2 మీటర్ల ముద్ద 1 మీటరు దూరానికి వచ్చిందంటే 1,870 పిక్సెళ్ల సైజు, దాదాపు తెర మొత్తం. అంటే కనబడని ముద్దలే అన్నిటికంటే ఖరీదైనవి.

అందుకని ఈ తగ్గింపు వర్టెక్స్ షేడర్‌లో ముద్ద కేంద్రం దూరంతో లెక్క కట్టాలి. 2 మీటర్ల దగ్గర తగ్గడం మొదలై 1 మీటరు దగ్గర సున్నా అయితే, సున్నా అయిన ముద్ద నాలుగు మూలల్నీ ఒకే బిందువు మీద కుప్ప చేసేయాలి. త్రిభుజానికి విస్తీర్ణం లేదు, రాస్టరైజర్ దాన్ని పడేస్తుంది. సార్టింగ్‌కి ముందే ఆ ముద్దని జాబితాలోంచి తీసేస్తే ఇంకా మంచిది. ఈ ఒక్క మార్పుతో పొగ మధ్యలో నిలబడ్డప్పటి ఫ్రేమ్ టైమ్ ఎంత దిగుతుందో చూస్తే, దీన్ని ఇన్నాళ్లూ ఎందుకు పిక్సెల్ షేడర్‌లో పెట్టారా అనిపిస్తుంది.

ఇదే దారిలో ఇంకొకటి, క్వాడ్ మూలలు. పొగ టెక్స్చర్ గుండ్రంగా ఉంటుంది, అంచుల్లో దాదాపు ఖాళీ. కనబడే భాగం క్వాడ్ సగం వెడల్పులో 80 శాతం లోపలే ఉంటే, దాని చుట్టూ సరిపడే అష్టభుజం గీస్తే విస్తీర్ణం చదరంలో 53 శాతం. నాలుగు వర్టెక్స్‌లు ఎక్కువై పిక్సెళ్లు దాదాపు సగమయ్యాయి. ఎమిల్ పెర్సన్ 2009లో ఇలా కత్తిరించే పనిముట్టునే విడుదల చేశాడు. తర్వాత ఇంజిన్లలోకీ ఈ పద్ధతి వచ్చింది. అయినా చదరపు క్వాడ్‌లే వాడే ప్రాజెక్టులు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

## సగం రిజల్యూషన్, దాని తలనొప్పి

ఇప్పటికి 63 తెరలు 16 అయ్యాయి, అష్టభుజంతో 8 అయ్యాయి అనుకుందాం. పొగని రెండు వైపులా సగం ఉన్న బఫర్లో గీస్తే అది 2 తెరల పని. పొగలో సన్నటి వివరాలు తక్కువ కాబట్టి కన్ను సరిపెట్టుకుంటుంది.

చిక్కు అంచుల దగ్గర వస్తుంది. పొగ ముందు ఒక స్తంభం ఉంటే, చిన్న బఫర్ని మామూలుగా సాగదీసి అతికించినప్పుడు స్తంభం చుట్టూ మెట్లు మెట్లుగా అంచు గానీ, పొగ లేని తెల్లటి వలయం గానీ కనబడుతుంది. దీనికి నేను నమ్మే పద్ధతి: పెద్ద తెర మీది ప్రతి పిక్సెల్ దగ్గర దాని లోతుని చుట్టూ ఉన్న 4 చిన్న పిక్సెళ్ల లోతులతో పోల్చాలి. నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటే మామూలు బైలీనియర్. ఏదైనా బాగా తేడాగా ఉంటే, మన లోతుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఆ ఒక్క పిక్సెల్ రంగు తీసుకోవాలి. అంచులు చాలావరకు సర్దుకుంటాయి. తీగలు, చెట్ల కొమ్మల లాంటి సన్నటి వస్తువుల దగ్గర పూర్తిగా కాదు, ఎందుకంటే వాటి లోతు చిన్న బఫర్లోకి చేరనే చేరకపోవచ్చు.

ఇది ఎప్పుడూ ఆన్‌లో ఉంచాల్సిన పద్ధతి కాదు. లోతుని చిన్నది చేయడం, మళ్లీ సాగదీసి కలపడం కలిపి ఒకటి రెండు తెరల పని ఎలాగూ పడుతుంది. మంట 10 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు 75 ముద్దలకి మొత్తం పొగ పనే ఒక తెర చిల్లర. అక్కడ సగం రిజల్యూషన్ పెడితే లాభం లేకపోగా నష్టం. పొగ కప్పే మేర చూసుకుని, కొంత దాటాకే ఆ దారికి మళ్లించాలి.

రవ్వలు మాత్రం పూర్తి రిజల్యూషన్‌లోనే ఉండాలి. 2 పిక్సెళ్ల గీత సగం బఫర్లో ఒకే పిక్సెల్ అవుతుంది, కదిలేటప్పుడు మిణుకుతుంది. అప్పుడు కొత్త ప్రశ్న: పొగ వెనకున్న రవ్వని పొగ మసకబార్చాలి కదా? పొగ తర్వాత గీస్తే అన్ని రవ్వలూ పొగని చీల్చుకుని మెరుస్తాయి. ముందు గీస్తే పొగకి ఇవతల ఉన్నవి కూడా మసకబారతాయి. ఒకే జాబితాలో సార్ట్ చేసేవాళ్ల వాదనలో బలమైన పాయింట్ ఇదే, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను.

నేను వాడే జవాబు ఉజ్జాయింపు. పొగ గీసేటప్పుడే రెండో టార్గెట్‌లో ఆల్ఫా బరువుతో సగటు లోతు కూడా రాసుకుంటాను. రవ్వ వర్టెక్స్ షేడర్లో, ఆ చోటి పొగ సగటు లోతునీ రవ్వ లోతునీ పోల్చి, రవ్వ వెనక ఉంటే దాని వెలుగుని పొగలోంచి దాటే వెలుగు శాతంతో గుణిస్తాను. సరిహద్దు దగ్గర ఒక్కసారిగా మారకుండా కొంచెం మెత్తగా కలుపుతాను. రవ్వ పొగ మధ్యలో ఉంటే జవాబు కచ్చితం కాదు. రవ్వ బతికేది ఒకటి రెండు సెకన్లు, వేగంగా పోతుంటుంది, ఆ తప్పుని పట్టుకోవడానికి కంటికి సమయం ఉండదు. స్లో మోషన్ సన్నివేశంలో అయితే ఈ ఉజ్జాయింపు బయటపడుతుంది, అక్కడ నిజమైన సార్టింగ్ పెట్టుకోవాలి.

## నాకున్న సందేహాలు

తక్కువ ముద్దలు, ఎక్కువ చిక్కదనం అన్న నా మాటకి అసలైన ఎదురు వాదన కదలికది. 300 పల్చటి ముద్దలు ఒకదాని మీద ఒకటి వేర్వేరు వేగాలతో జారుతుంటే పొగకి ఒక లోతు వస్తుంది, లోపల ఏదో మరుగుతున్నట్టు ఉంటుంది. 75 చిక్కటి ముద్దల్లో ఒక్కో ముద్ద బొమ్మగా విడిగా కనబడే ప్రమాదం ఉంది. ఫ్లిప్‌బుక్ టెక్స్చర్ పెట్టి, ఫ్రేమ్‌ల మధ్య మోషన్ వెక్టర్లతో కలిపితే లోపలి కదలిక తిరిగొస్తుంది. దానికి టెక్స్చర్ మెమరీ కావాలి, ఆర్టిస్టు సమయం కావాలి. ఆ రెండూ లేని చిన్న టీమ్‌కి పల్చటి పొగే సులువని ఎవరైనా అంటే నేను కాదనలేను. అప్పుడు కనీసం సగం రిజల్యూషన్, దగ్గరి ముద్దల్ని వర్టెక్స్ దశలోనే తీసేయడం, ఈ రెండూ వదలొద్దంటాను.

సార్ట్ చేశాక కూడా చిక్కటి ముద్దల మధ్య పాపింగ్ పూర్తిగా పోదు. రెండు ముద్దలు దూరంలో ఒకదాన్ని ఒకటి దాటే క్షణంలో వరస మారక తప్పదు, `a1 * a2 * (c1 - c2)` తేడా అప్పుడు పడుతుంది. పొగలో దీన్ని తగ్గించేది రంగు. పక్కపక్క ముద్దల మధ్య రంగు నెమ్మదిగా మారేలా, వయసుని బట్టి కాకుండా ఉన్న చోటుని బట్టి వెలుగు ఇస్తే, దాటుకునే ముద్దల రంగులు దగ్గరగా ఉంటాయి. పేలుడు మొదటి అర సెకనులో మాత్రం ఇది కుదరదు. 2013లో మెక్‌గ్వయర్, బావొయిల్ ప్రతిపాదించిన వెయిటెడ్ బ్లెండింగ్ లాంటివి సార్టింగ్ లేకుండానే నడుస్తాయి, పాపింగ్ ఉండదు. కానీ అవి ఓవర్‌డ్రాని ఒక్క పిక్సెల్ కూడా తగ్గించవు, పైగా టార్గెట్లు పెంచుతాయి.

మొబైల్ జీపీయూల మీద నా లెక్కలో కొంత మారుతుంది. అవి తెరని టైల్స్‌గా విడగొట్టి, బ్లెండింగ్‌ని చిప్ లోపలి మెమరీలోనే చేస్తాయి. కాబట్టి ఆ 126 గిగాబైట్ల భయం అక్కడ లేదు, షేడింగ్ ఖర్చు మాత్రం ఉంటుంది. అక్కడ దెబ్బ సాఫ్ట్ పార్టికల్స్ దగ్గర తగులుతుంది. డెప్త్‌ని టెక్స్చర్‌గా చదవాలంటే దాన్ని బయటి మెమరీలోకి దింపాలి, పాస్ విరిగిపోతుంది. సబ్‌పాస్ ఇన్‌పుట్‌గా టైల్ లోపలే చదవగలిగితే సరే. లేకపోతే నేల దగ్గర ఉండే ముద్దలకి క్వాడ్‌ని కొంచెం పైకి జరిపి, అడుగు భాగాన్ని టెక్స్చర్‌లోనే పల్చబరిచి, సాఫ్ట్ పార్టికల్స్‌ని మానేయడమే నయం. సగం రిజల్యూషన్‌కి కూడా ఆ డెప్తే కావాలి కాబట్టి, ఒకటి మానేస్తే రెండోదీ పోతుంది. అప్పుడు మిగిలే ఆయుధాలు ముద్దల సంఖ్య, అష్టభుజం, దగ్గరి ముద్దల్ని తీసేయడం. మిత్రుడి గేమ్ ఫోన్ల మీద నడిచేదే కాబట్టి అతనికి నేను రాసి పంపింది ఆ మూడే, అదే వరసలో.